ముందు గాలి చూడండి, తర్వాతే స్విచ్

అమెరికాలో టౌన్ వాటర్ రాని చోట ఇల్లు కొన్న మనవాళ్లు ఈమధ్య చాలామందే కనిపిస్తున్నారు. న్యూజెర్సీలో హంటర్‌డన్ కౌంటీ వైపు వెళ్తే ఎకరం, రెండెకరాల స్థలం, పెద్ద ఇల్లు, పెరట్లో సొంత బోరు. ఊళ్లో బోరు నీళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకులోకి ఎక్కి, అక్కణ్నుంచి వాటంతటవే కిందికి దిగుతాయి. ఇక్కడ మేడ మీద ట్యాంకు ఉండదు. బేస్‌మెంట్‌లో ఒక ప్రెషర్ ట్యాంకు, దాని పక్కనే అరచేతిలో పట్టేంత ప్రెషర్ స్విచ్ ఉంటాయి. మొత్తం ఇంటి నీళ్ల ప్రెషర్‌ని చూసుకునేది ఆ రెండే.

అటువైపే ఉంటున్న మిత్రుడొకాయన ఫోన్ చేశాడు. "అన్నా, షవర్ తిప్పితే చాలు, కింద స్విచ్ టక్కుమంటూనే ఉంది. పంపు పాడైందట, బయటికి తీసి కొత్తది వెయ్యాలంటున్నారు" అన్నాడు. పంపు వందల అడుగుల లోతులో ఉంది, తీసి వెయ్యడమంటే వేల డాలర్ల మాట. నీళ్ల ధార తగ్గిందా అని అడిగితే లేదన్నాడు. ధార బాగుందంటే పంపు బాగానే తోస్తోందన్నమాట. "ఎవరికీ సరేననకు, నేను వచ్చి చూస్తాను" అన్నాను.

నేను మొదట కుళాయిలన్నీ మూయించి, ప్రెషర్ మీటర్ ముందు కాసేపు నిలబడతాను. ఎవరూ నీళ్లు వాడకపోయినా ముల్లు దిగుతుంటే ఎక్కడో కారుతున్నట్టు. అప్పుడు ఇంట్లోకి వెళ్లే మెయిన్ వాల్వు కట్టేసి మళ్లీ చూడాలి. ముల్లు ఆగితే తప్పు ఇంట్లో ఉంది, ఎక్కువగా టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో అడుగున ఉండే రబ్బరు మూత అరిగి ఉంటుంది. వాల్వు కట్టేసినా ముల్లు దిగుతూనే ఉంటే నీళ్లు వెనక్కి బోరులోకి పోతున్నాయి, చెక్ వాల్వు సంగతి చూడాలి. మావాడింట్లో ముల్లు కదల్లేదు. నీళ్లు వాడినప్పుడే స్విచ్ కొట్టుకుంటోంది కాబట్టి నా అనుమానం ట్యాంకు మీదికి పోయింది.

ఆ ట్యాంకు లోపల నీళ్లకీ గాలికీ మధ్య రబ్బరు సంచి ఉంటుంది. గాలి ఎంత నింపాలో ట్యాంకు ఒక్కదాన్నీ చూసి చెప్పలేం, స్విచ్‌ను బట్టి ఉంటుంది. ఆయన స్విచ్ 40 పీఎస్ఐ దగ్గర పంపు ఆన్ చేసి, 60 దగ్గర ఆపేస్తుంది. అలాంటప్పుడు ట్యాంకులో గాలి 38 ఉండాలి, అంటే పంపు ఆన్ అయ్యే అంకె కంటే 2 తక్కువ. 30/50 స్విచ్ అయితే 28.

ఈ గాలి కొలిచే పద్ధతి దగ్గరే చాలామంది మోసపోతారు. మావాడు టైరు గేజ్ ముందే పెట్టి చూశాడట. "52 చూపించిందన్నా, గాలి నిండుగానే ఉంది" అన్నాడు. ట్యాంకులో నీళ్లుండగా గేజ్ పెడితే కనిపించేది ఆ క్షణంలో నీళ్ల ప్రెషర్. సంచికి అటు నీళ్లు ఎంత గట్టిగా తోస్తే ఇటు గాలి అంతే గట్టిగా తోస్తుంది కాబట్టి, గాలి సగం పోయినా గేజ్ నిశ్చింతగా 52 అనే చెబుతుంది. అసలు అంకె కావాలంటే పంపు బ్రేకర్ ఆపేయాలి. ట్యాంకు కిందున్న డ్రెయిన్ కుళాయి తిప్పి నీళ్లు పూర్తిగా పోనివ్వాలి. మీటర్ సున్నాకి వచ్చాక ఆ కుళాయి తెరిచే ఉంచి, ట్యాంకు పైనున్న వాల్వుకి గేజ్ పెట్టాలి. అది కారు టైరుకుండే వాల్వే. పిన్ను నొక్కినప్పుడు గాలి బదులు నీళ్లు చిమ్మితే సంచి చిరిగినట్టే, ట్యాంకు మార్చడం తప్ప దారి లేదు.

నీళ్లు రాలేదు. గేజ్ మాత్రం 5 చూపించింది.

ఆ 5 చేసే నష్టం ఎంతో లెక్కేసి చూపిస్తాను. అది 20 గాలన్ల ట్యాంకు. గాలి అంత తక్కువైతే, ప్రెషర్ 40కి దిగి పంపు ఆన్ అయ్యే సమయానికి కూడా లోపల దాదాపు 13 గాలన్ల నీళ్లు మిగిలిపోతాయి. మిగతా 7 గాలన్ల చోటులోకి గాలి నలిగి ఉంటుంది. 60కి చేరేసరికి ఆ గాలి ఇంకో 2 గాలన్ల మేర నలుగుతుంది, అంతే. అంటే 40కీ 60కీ మధ్య ఇంట్లోకి వచ్చే నీళ్లు 2 గాలన్లు. షవర్ నిమిషానికి 2 గాలన్లు తాగుతుంది. పంపు నిమిషానికి 10 ఇస్తుంది. కాబట్టి పంపు నిమిషం సేపు ఆగుతుంది, పావు నిమిషం తిరుగుతుంది, మళ్లీ ఆగుతుంది. ఒక స్నానం పూర్తయ్యేలోపు అది ఎన్నిసార్లు స్టార్టవుతుందో మీరే ఊహించండి. మోటారుకి తిరగడం కంటే స్టార్టవడమే కష్టం. ఆ కరెంటు పోటుకి వైండింగ్ వేడెక్కుతుంది, స్విచ్ కాంటాక్టులు కాలతాయి.

చిన్న కంప్రెసర్‌తో గాలి 38కి పట్టాం. డ్రెయిన్ కట్టేసి బ్రేకర్ వేశాక, అదే ట్యాంకు 5 గాలన్ల పైచిలుకు ఇచ్చింది. పంపు ఇప్పుడు రెండున్నర నిమిషాలు ఆగుతోంది. వాల్వు మీద సబ్బు నీళ్లు వేసి చూస్తే సన్నగా బుడగలు వచ్చాయి. మళ్లీ బ్రేకర్ ఆపి, ట్యాంకు ఖాళీ చేసి, లోపలి పిన్ను మార్చి గాలి 38కి పట్టాం. పిన్నుకి కొద్ది డాలర్ల ఖర్చు.

మావాడికి ఇంకో ఆలోచన కూడా ఉంది. "స్విచ్‌లో చిన్న నట్టు బిగిస్తే 75 దాకా పోతుందట కదన్నా, అప్పుడు ఇంకా ఎక్కువసేపు ఆగుతుంది కదా?" అని అడిగాడు. వద్దన్నాను. స్విచ్ మూత తీస్తే రెండు స్ప్రింగులు, రెండు నట్లు కనిపిస్తాయి. పెద్దది తిప్పితే ఆన్, ఆఫ్ అంకెలు రెండూ కలిసి జరుగుతాయి. చిన్నది తిప్పితే ఆఫ్ అంకె ఒక్కటే జరుగుతుంది. అది మరీ పైకి జరిపితే, ఆ ప్రెషర్‌ని పంపు అందుకోలేక ఎప్పటికీ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పెద్ద నట్టు తిప్పి 50/70 చేసుకుంటే షవర్ జోరుగా వస్తుంది, నిజమే. కానీ గాలి కూడా 48కి పెంచాలి. అలా పెంచినా ట్యాంకు ఇచ్చే నీళ్లు కొంచెం తగ్గుతాయి. పెంచడం మరిచిపోతే ఇంకా తగ్గుతాయి. అదీగాక ఆ మూత కింద 230 వోల్టులు ఉంటాయి, బ్రేకర్ ఆపకుండా ముట్టుకోకూడదు.

గాలి సరిచేసినా ఒక లోటు మిగిలిపోయింది. పంపు స్టార్టయితే కనీసం నిమిషం తిరగాలన్నది ఈ పనిలో పాత నియమం. నిమిషానికి 10 గాలన్లిచ్చే పంపుకి 5 గాలన్లిచ్చే ట్యాంకు అంటే అర నిమిషమే. కట్టినప్పుడే చిన్న ట్యాంకు పెట్టారు. 44 గాలన్లది పెడితే అదే 40/60 దగ్గర 11 గాలన్లిస్తుంది, నియమం తీరుతుంది. ఆ ఖర్చు పెట్టమనే చెప్పాను. పంపు మార్చడంతో పోలిస్తే అది చాలా తక్కువ.

హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో ప్రెషర్ పంపు పక్కన ఉండే 24 లీటర్ల చిన్న ట్యాంకుకీ ఇదే లెక్క. అక్కడ అంకెలు బార్లలో ఉంటాయి. పంపు ఏ అంకె దగ్గర ఆన్ అవుతుందో మీటర్‌లో చూసి, దానికి 0.15 బార్ తక్కువగా గాలి ఉంచండి. ఏడాదికోసారి ట్యాంకు ఖాళీ చేసి కొలిచి, తేదీ, అంకె ట్యాంకు మీదే మార్కర్‌తో రాసిపెట్టండి. మీ పంపు మార్చాలని ఎవరైనా అంటే ముందు ఆ అంకె అడగండి. కొలవకుండానే చెప్పేవాళ్లకి పని ఇవ్వకండి.