ఇరవై సెకన్లలో అప్పు లెక్క: ఒక రుణ యాప్ ప్రకటన పాఠంపై విమర్శ

ఉద్దేశం

కథను, కవితను విమర్శించడం మీరు ముందు పాఠాల్లో నేర్చుకున్నారు. ఈ పాఠంలో ఇరవై సెకన్ల ప్రకటనను అదే పద్ధతిలో చదువుదాం. ఇది చదివాక ఒక రుణ యాప్ ప్రకటన విన్నప్పుడు మూడు సంగతులు మీరు చెప్పగలగాలి: ఏ మాట ఏ పని చేస్తున్నది, ఏ అంకె చెప్పలేదు, చెప్పాలంటే ఎలా చెప్పవచ్చు. ఇక్కడి పాఠాలు ఏ సంస్థవీ కావు. మన పరిశీలన కోసం రాసుకున్న నమూనాలు.

1. వినిపించే పాఠం

మీ ఫోనులో వీడియోల మధ్య వచ్చే ప్రకటన సాధారణంగా ఇలా ఉంటుంది:

"డబ్బు అవసరమా? ఐదు నిమిషాల్లో మీ ఖాతాలోకి! వడ్డీ నెలకు కేవలం 2 శాతం నుంచి. రెండు లక్షల వరకు రుణం. జామీను లేదు, కాగితాలు లేవు. ఇప్పుడే డౌన్‌లోడ్ చేసుకోండి!"

చివర తెర అడుగున చిన్న అక్షరాల్లో "షరతులు వర్తిస్తాయి" అని ఉంటుంది.

ఇందులో అబద్ధమని పట్టుకోగల వాక్యం ఒక్కటీ లేదు. అయినా విన్నవాడికి తాను ఎంత కట్టాలో తెలియదు. విమర్శకుడు పట్టుకోవలసింది ఈ తేడానే.

2. రెండు విభక్తులు చేసే పని

"నుంచి", "వరకు" అనే రెండు చిన్న మాటలను చూడండి. వ్యాకరణంలో ఒకటి మొదలును, మరొకటి చివరను చెబుతుంది. ఈ ప్రకటనలో వడ్డీకి మొదలు మాత్రమే చెప్పారు, రుణానికి చివర మాత్రమే చెప్పారు. వడ్డీ ఎంత వరకు పోతుందో, రుణం ఎంత నుంచి మొదలవుతుందో చెప్పలేదు. తక్కువ వడ్డీ, ఎక్కువ రుణం దొరికేది మంచి చెల్లింపు చరిత్ర ఉన్న కొద్దిమందికే. వినేవాడు మాత్రం ఆ రెండూ తనకే అనుకుంటాడు.

"నెలకు 2 శాతం" అనడంలో ఇంకో సూక్ష్మం ఉంది. మన ఊళ్లలో వడ్డీని ఏడాది శాతంగా చెప్పుకోరు. "నూటికి రెండు రూపాయల వడ్డీ" అంటారు. నెలకు వందకు రెండు రూపాయలని దాని అర్థం. ప్రకటనలోని 2 శాతం మన చెవికి ఆ పాత మాటగానే వినిపిస్తుంది, నమ్మకం కలుగుతుంది. ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకుంటే పదివేలకు పదివేలూ చేతికి వస్తాయి. యాప్‌లో అలా రావు.

మా వీధిలో ఇస్త్రీ బండి నడిపే ఒకాయన ఒక సాయంత్రం ఫోను పట్టుకుని వచ్చారు. "సార్, పదివేలు అడిగితే 9,410 పడింది. మిగతాది రేపు వస్తుందా?" అన్నారు. రాదు. ఆ 590 రూపాయలు ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద పన్ను. ఆయన మోసపోయారని నేను అనను. యాప్ లోపలి పత్రంలో ఆ సంగతి ఉంది. కానీ ఆయనను ఆ యాప్ దాకా నడిపించిన ప్రకటనలో లేదు.

3. లెక్క కట్టి చూద్దాం

ఆ అప్పునే తీసుకుందాం. అసలు 10,000. వడ్డీ నెలకు 2 శాతం, తరుగుతున్న అసలు మీద. గడువు మూడు నెలలు. నెల వాయిదా 3,468 రూపాయలు, కాబట్టి మొత్తం కట్టేది 10,404. ప్రాసెసింగ్ ఫీజు 500, దానిపై 18 శాతం జీఎస్టీ 90, కలిపి 590. చేతికి వచ్చింది 9,410. అంటే ఈ అప్పు ఖరీదు 10,404లో నుంచి 9,410 తీసేస్తే వచ్చే 994 రూపాయలు.

ఈ 994 ఎంత డబ్బును వాడుకున్నందుకు? మొదటి నెలంతా ఆయన వద్ద ఉన్నది 9,410. ఫీజును కూడా వడ్డీలాగే లెక్కిస్తే, మొదటి వాయిదా తరువాత మిగిలేది సుమారు 6,430, రెండో వాయిదా తరువాత సుమారు 3,296. మూడింటినీ కూడితే 19,136. దానితో 994ను భాగిస్తే నెలకు 5.19 శాతం వస్తుంది. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి సుమారు 62 శాతం. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపి ఏడాదికి చెప్పే ఇలాంటి రేటునే వార్షిక శాతం రేటు, పొట్టిగా ఏపీఆర్ అంటారు.

మన మాటల్లో చెప్పాలంటే, ప్రకటనలో వినిపించింది రెండు రూపాయల వడ్డీ, పడింది ఐదు రూపాయల పైచిలుకు వడ్డీ.

ఇప్పుడు అదే అప్పును, అదే ఫీజుతో, పన్నెండు నెలలకు తీసుకున్నారనుకోండి. వాయిదా 946కు దిగుతుంది. ఏపీఆర్ సుమారు 36 శాతానికి తగ్గుతుంది, ఎందుకంటే ఒక్కసారి కోసుకున్న 590 మూడు నెలల మీద కాక పన్నెండు నెలల మీద పరచుకుంటుంది. కానీ మొత్తం కట్టేది 11,352, అంటే ఖర్చు 1,942. శాతం తగ్గింది, రూపాయలు దాదాపు రెట్టింపయ్యాయి.

ఈ పాఠంలో గుర్తుంచుకోవలసిన ముఖ్య విషయం ఇదే. శాతం ఒక్కటే చెప్పే ప్రకటన పొడవైన గడువును చవకగా చూపిస్తుంది. నెల వాయిదా ఒక్కటే చెప్పేది కూడా అంతే. రూపాయల మొత్తం ఒక్కటే చెప్పేది పొట్టి గడువును చవకగా చూపిస్తుంది. రెండూ చెప్పి, వాటి పక్కన గడువు చెబితేనే వినేవాడికి పోల్చుకునే వీలు కలుగుతుంది.

4. స్పష్టమైన పాఠం ఎలా ఉంటుంది?

"అన్నీ చెప్పేస్తే సరి" అని మొదట అనిపిస్తుంది. ఇలా రాశారనుకోండి:

"పదివేల అప్పు. వడ్డీ ఏడాదికి 24 శాతం. ఫీజు 500, జీఎస్టీ 90, చేతికి 9,410. వాయిదా 3,468, మూడు నెలలు, మొత్తం 10,404. ఏపీఆర్ 62. ఆలస్యమైతే 200. రద్దు గడువు మూడు రోజులు."

దీన్ని గడియారం పెట్టుకుని పైకి చదవండి. రాతలో "3,468" ఒకే మాట. నోట్లో అది "మూడు వేల నాలుగు వందల అరవై ఎనిమిది", ఆరు మాటలు. పదకొండు అంకెలు ఒకదాని మీద ఒకటి పడితే ఒక్కటీ నిలవదు. సమయం చాలక చదివేవారు వేగం పెంచుతారు. వేగంగా చదివిన నిజం చిన్న అక్షరాల "షరతులు వర్తిస్తాయి" కంటే మేలేమీ కాదు. ఇక్కడ లోపం నిజాయితీది కాదు, ఎంపికది.

కాబట్టి చెవికి ఏవి, కంటికి ఏవి అని విడదీయాలి. చెవికి నాలుగు చాలు: చేతికి వచ్చేది, కట్టే వాయిదా ఎన్ని నెలలు, మొత్తం, ఏడాది రేటు. ఇలా:

"పదివేల అప్పు. ఫీజు పోగా చేతికి వచ్చేది తొమ్మిది వేల నాలుగు వందల పది. మూడు నెలలు, నెలకు మూడు వేల నాలుగు వందల అరవై ఎనిమిది కట్టాలి. మొత్తం కట్టేది పదివేల నాలుగు వందల నాలుగు. ఖర్చులన్నీ కలిపి ఏడాదికి అరవై రెండు శాతం. అప్పు ఇచ్చేది ఫలానా ఫైనాన్స్."

ఇవి నలభై మాటలు కూడా కావు. నిదానంగా చదివినా ఇరవై సెకన్లలో పడతాయి. క్రమాన్ని గమనించండి. అప్పు తీసుకునేవాడికి డబ్బు ఏ వరుసలో ఎదురవుతుందో ఆ వరుసలోనే వాక్యాలు ఉన్నాయి: ముందు వచ్చేది, తరువాత పోయేది, చివర దాని ధర. ఫీజు విభజన, ఆలస్య రుసుము, రద్దు గడువు తెరమీద, మాట సాగినంతసేపూ నిలిచి ఉండాలి.

"అప్పు ఇచ్చేది ఫలానా ఫైనాన్స్" అన్న వాక్యాన్ని తీసివేయకూడదు. యాప్ చాలాసార్లు మధ్యవర్తి మాత్రమే. అప్పు ఇచ్చేది రిజర్వు బ్యాంకు నియంత్రణలో ఉన్న బ్యాంకో, ఫైనాన్స్ కంపెనీయో కావాలి. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు తక్షణ రుణ యాప్‌ల మీద కేసులు పెట్టి అరెస్టులు చేసినప్పుడు, బాధితులు చాలామందికి తమకు అప్పు ఇచ్చింది ఎవరో తెలియదు. "రుణం మంజూరు చేయబడుతుంది" అనే కర్త లేని వాక్యం ఆ అజ్ఞానాన్ని పెంచుతుంది.

5. ఈ పాఠం పరిమితులు

మెరుగైన పాఠానికీ హద్దులున్నాయి. మొదటిది, అది చెప్పేది ఒక్క ఉదాహరణ. మీకు వచ్చే రేటు వేరుగా ఉండవచ్చు. అందుకే "ఉదాహరణకు" అన్న మాట తెరమీద తప్పక ఉండాలి. ఆ ఉదాహరణ ఎక్కువమందికి నిజంగా దొరికే అప్పు కావాలి. అందరికంటే మంచి ఖాతాదారు అప్పును ఎంచుకుంటే పాత "నుంచి" మళ్లీ దొడ్డిదారిన వచ్చినట్లే.

రెండోది, "నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగి ఇచ్చేయవచ్చు" అన్నంత మాత్రాన పూర్తి నిజం కాదు. రద్దు గడువులో జరిమానా ఉండదు. కానీ అసలుతో పాటు ఆ రోజులకు పడే ఖర్చు కట్టాలి. ముందే చెప్పి ఉంటే ప్రాసెసింగ్ ఫీజు కూడా సంస్థ ఉంచుకోవచ్చు.

మూడోది, ప్రకటన ఒప్పందం కాదు. రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు 2న ఇచ్చిన డిజిటల్ రుణాల మార్గదర్శకాలు, ఒప్పందానికి ముందే ముఖ్య వివరాల పత్రం ఇవ్వాలని, అందులో ఏపీఆర్ ఉండాలని చెప్పాయి. దీన్ని కేఎఫ్ఎస్ అంటారు. 2024 ఏప్రిల్ 15 నాటి ఉత్తర్వు ఈ పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలని చెప్పింది. అందులో చూపని రుసుమును మీ స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయకూడదు. ప్రకటన ఎంత బాగున్నా, అందులో విన్న నాలుగు అంకెలు ఈ పత్రంలోని అంకెలతో సరిపోవాలి. సరిపోకపోతే పత్రాన్నే నమ్మండి, అంగీకారం నొక్కకండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. మీ ఫోనులో వచ్చిన ఒక రుణ ప్రకటనను మాట మాటగా రాసుకోండి. "నుంచి", "వరకు", "కేవలం" ఎన్నిసార్లు వచ్చాయి? ఒక్కొక్కటి ఏ అంకెను చెప్పకుండా దాటవేసింది?

2. ఆ ప్రకటన విని చేతికి వచ్చేది, వాయిదా, గడువు, మొత్తం, ఏడాది రేటు చెప్పగలరా? చెప్పలేనివి ఏవి?

3. 5,000 రూపాయల అప్పు, రెండు నెలల గడువు, ఫీజు పన్నుతో 295, వాయిదా 2,575. చేతికి వచ్చేది ఎంత? ఈ అప్పు ఖరీదు ఎన్ని రూపాయలు? పది సెకన్లలో వినిపించేలా రాయండి.

మూడో ప్రశ్నకు సరిచూసుకోండి: చేతికి వచ్చేది 4,705, మొత్తం కట్టేది 5,150, ఖరీదు 445. మీ పాఠంలో 445 అన్న అంకెను గానీ, 4,705, 5,150 రెండింటినీ గానీ పక్కపక్కన పెట్టకపోతే, మళ్లీ రాయండి.