బస్సు వెనక నీలం గీతలు

ఆరేళ్ల పాప వేసిన బొమ్మను, చూపు లేని నాన్నకు మాటల్లో అందించడం ఎంత నేర్పుగల పనో నాకు ఒక వాయిస్ మెసేజ్ విన్నాక అర్థమైంది. నాకు తెలిసిన ఒక డ్రాయింగ్ టీచరు తన తమ్ముడికి పంపిన మెసేజ్ అది. అతనికి పదో తరగతిలో చూపు పోయింది. భార్యకూ చూపు లేదు. పక్కింటివాళ్లు ఫోన్లో బొమ్మ ఫొటో తీసి టీచరుకు పంపారు.

ఆవిడ వెంటనే చెప్పడం మొదలుపెట్టలేదు. ఫొటో రాత్రిపూట లైటు కింద తీసింది. అందులో తెల్ల కాగితమే లేత పసుపుగా కనిపిస్తోంది. కాగితమే రంగు మారిందంటే మిగతా రంగులనూ నమ్మడానికి లేదు. పైగా కాగితం కుడి అంచు ఫొటోలో పడలేదు. పొద్దున్నే గుమ్మం దగ్గర నేల మీద పెట్టి, నాలుగు అంచులూ పడేలా నిలువుగా పైనుంచి మళ్లీ తీయమంది. మొదటి ఫొటోలో పసుపనిపించిన బస్సు కిటికీలు, రెండో దాంట్లో రంగు వేయని ఉత్త కాగితమని తేలింది. సన్నని పెన్సిల్ గీతలు కూడా అప్పుడే బయటపడ్డాయి.

ఆవిడ ముందు మొత్తం చెప్పి, తర్వాత వివరాల్లోకి వెళ్లింది. "కాగితం అడ్డంగా పెట్టి వేసింది రా. ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒకటే ఎర్ర బస్సు. ముందుభాగం నీ కుడిచేతి వైపు. కుడి పైమూల సూర్యుడు. ఎడమ అంచున, బస్సు వెనకాల, నీలం గీతలు. బస్సులో ఇద్దరే మనుషులు." ఈ నాలుగు మాటలతో తమ్ముడి మనసులో కాగితం పరుచుకుంది. ఇక ఏ వివరం చెప్పినా ఎక్కడ పెట్టుకోవాలో అతనికి తెలుసు.

తర్వాత మనుషులు. డ్రైవరు బొటనవేలంత ఉన్నాడు. వెనక కూర్చున్నావిడ అరచేయంత ఉంది. కళ్లజోడు, పెద్ద ముడి, ఆకుపచ్చ చీర. బస్సు రేకు అడ్డం ఉన్నా ఆమె కాళ్లు, చెప్పులతో సహా కనిపిస్తున్నాయి. ఈ వయసు పిల్లలు కంటికి కనిపించేదాన్ని కాకుండా తమకు తెలిసినదాన్ని గీస్తారని ఫ్రెంచి పరిశోధకుడు జార్జ్ ఆన్రీ లుకే 1927 నాటి పుస్తకంలో వివరించాడు. మనిషికి కాళ్లున్నాయని పాపకు తెలుసు, కాబట్టి గీసింది. టీచరు దీన్ని తప్పుగా చెప్పలేదు, ముచ్చటపడీ చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

నన్ను ఆశ్చర్యపరిచింది బస్సు టాపు సంగతి. దానికి రెండు గీతలున్నాయి. కింది గీత పెన్సిల్‌తో, ఆ ఆడమనిషి నుదుటికి అడ్డంగా పోతోంది. పై గీత ఎర్ర క్రేయాన్‌తో, తల మీదుగా ఉంది. అంటే ముందు బస్సు గీసింది, మనిషి అందులో పట్టలేదు, మనిషిని చిన్నది చేయకుండా టాపునే పైకి లేపింది. ఎరుపు చీర అంచుదాకా వచ్చి ఆగింది, మీదికి పాకలేదు. కాబట్టి రంగు నింపింది చివర్లో. పని ఏ వరసలో సాగిందో తమ్ముడికి ఇలా చెప్పేసరికి, పాప బొమ్మ వేస్తుంటే పక్కన కూర్చున్నట్టయింది.

రంగుల దగ్గర ఆవిడ అతని చేతికి పని చెప్పింది. "బస్సు మీద వేలు పెట్టి రాయి. నున్నగా జారుతుంది. అంత గట్టిగా నొక్కి రుద్దింది. సూర్యుడి దగ్గర కాగితం గరుకే తగులుతుంది, అక్కడ పైపైన వేసి వదిలేసింది." క్రేయాన్ మైనం మందంగా పేరుకున్నచోట వేలికి తెలుస్తుంది. పాప ఓపికంతా ఎక్కడ ఖర్చు పెట్టిందో అతను స్వయంగా తడిమి చూసుకున్నాడు.

కథ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ గొంతు మారింది. అప్పటిదాకా 'ఉంది' అన్న మనిషి, ఇక్కడ 'అనిపిస్తోంది' అంది. "మన అమ్మ పండక్కి బస్సులో వస్తోందనిపిస్తోంది. అయినా కళ్లజోడు వాళ్ల అమ్మమ్మకూ ఉంది కదా, పాపనే అడుగు. ఒళ్లో సంచిలో మూడు గోధుమరంగు గుండ్రాలున్నాయి. లడ్డూలో, కొబ్బరికాయలో నేను చెప్పలేను. నీలం గీతలు వానేమో. కానీ వానైతే టాపు మీదా పడాలి. ఇవి బస్సు వెనకే ఉన్నాయి."

తమ్ముడు పాపను ఒకటే అడిగాడు: "బస్సు వెనక నీలంగా ఏం వేశావమ్మా?" పాప చెప్పింది: "అది స్పీడు నాన్నా. నాన్నమ్మ తొందరగా వచ్చేస్తోంది." టీచరు 'వాన పడుతోంది' అని తేల్చేసి ఉంటే ఈ ప్రశ్నే పుట్టేది కాదు. చూసినదాన్నీ ఊహించినదాన్నీ విడివిడిగా చెప్పింది కాబట్టే, బొమ్మ కథ చెప్పే పని పాపకే మిగిలింది.