అవార్డు చివరి పేరా

తెనాలి, బాపట్ల, రేపల్లె ఆర్టీసీ డిపోల్లో ‘రిమూవల్’ అంటే ఎవరికీ వివరించక్కర్లేదు. చెప్పాపెట్టకుండా డ్యూటీకి రాకపోయినా, టిక్కెట్ల డబ్బులో తేడా వచ్చినా ముందు ఛార్జిషీటు, తర్వాత ఎంక్వైరీ, ఆపైన ఆ కాగితం. ఉద్యోగులు 2020 జనవరి 1న ప్రభుత్వంలో విలీనం కాకముందు, ఆ కాగితం పట్టుకుని నడిచే దారి గుంటూరు లేబర్ కోర్టుకే. ఏళ్ల తరబడి తిరిగాక ఉద్యోగం మళ్లీ వచ్చిందని కబురు తెలిస్తే డిపోలో స్వీట్లు పంచేవారు. అవార్డు చివరి పేరా చదివే ఓపిక ఆ రోజు ఎవరికుండేది?

అసలు లెక్క ఉన్నది అక్కడే.

సెలవు లేకుండా గైర్హాజరైన ఓ ఆర్టీసీ ఉద్యోగి కేసు 2003లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లేబర్ కోర్టు అతన్ని తిరిగి తీసుకోమంది, సర్వీసు కొనసాగినట్టే లెక్కించమంది, బ్యాక్ వేజెస్ మాత్రం ఇవ్వలేదు. సర్వీసు కొనసాగినట్టయితే మధ్యలో ఇంక్రిమెంట్లూ కలపాలి కదా అన్నాడు ఉద్యోగి. కుదరదంది సుప్రీంకోర్టు. సర్వీసు కొనసాగింపు వేరు, దాంతో వచ్చే సకల ప్రయోజనాలూ ఇవ్వమని విడిగా ఆదేశించడం వేరు అని తేల్చింది.

దీని బరువు రూపాయల్లో చూద్దాం. తీసేసేనాటికి జీతం 20,000, ఏటా ఇంక్రిమెంటు 600 అనుకుందాం. అయిదేళ్ల తర్వాత ‘సకల ప్రయోజనాలతో’ వస్తే మూలవేతనం 23,000 దగ్గర మొదలవుతుంది. ఒట్టి కొనసాగింపుతో వస్తే మళ్లీ 20,000. ఆ అయిదేళ్లు గ్రాట్యుటీ లెక్కలోకి వస్తాయి గానీ, నెలకు 3,000 లోటు రిటైరయ్యేదాకా వెంటాడుతుంది. సగం బ్యాక్ వేజెస్ ఇచ్చినా, పాత జీతం మీద కడితే అరవై నెలలకు చేతికొచ్చేది 6 లక్షలు.

సగమే ఎందుకు? అక్రమంగా తీసేశారని తేలితే బ్యాక్ వేజెస్ ఇవ్వడమే మామూలు నియమమని 2013లో ఓ మహారాష్ట్ర టీచరు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే తనకు వేరే ఉద్యోగం లేదని, ఉన్నా తక్కువ సంపాదనేనని ముందు ఉద్యోగి చెప్పుకోవాలి. చెప్పాక, కాదని రుజువు చేయాల్సిన భారం యజమానిది. ఆ ఒక్క వాక్యం లేక కేసులు దెబ్బతింటాయి. కాలవగట్టు మీద కూలికి పోయో, ఆటో తోలో పొట్ట పోసుకున్నవాళ్లు ఆ సంగతి దాచడం ఇంకా ప్రమాదం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడితే మిగతా సాక్ష్యం మీదా నమ్మకం పోతుంది. సంపాదించింది ఎంతో నిజం చెప్పడమే మేలు.

యజమాని హైకోర్టుకెళ్లినా చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. పాత పారిశ్రామిక వివాదాల చట్టం 17బి సెక్షన్ ప్రకారం, వేరే ఉపాధి లేదని అఫిడవిట్ ఇస్తే, కేసు తేలేదాకా చివరిసారి తీసుకున్న జీతం చెల్లించాల్సి ఉండేది. దాని స్థానంలో వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ ఏర్పాటు ఉంచారు.

అందుకే ఏ సంస్థ ఉద్యోగైనా పిటిషన్ మీద సంతకం పెట్టే ముందు వకీలును రెండు అడగండి: ఉపాధి గురించిన వాక్యం ఉందా, కోరికల్లో బ్యాక్ వేజెస్‌తో పాటు ఇంక్రిమెంట్లు విడిగా రాశారా అని.