గళ్ల కాగితం మీద సెమిస్టర్

గాంట్ చార్ట్ గీయడానికి ఒక గళ్ల కాగితం చాలు. పైన 16 వారాలు, ఎడమ పక్కన పనులు, ఒక్కో పనికి దాని వారాల మీదుగా ఒక అడ్డగీత. వాటర్ ట్యాంక్ అలారం ప్రాజెక్టే తీసుకోండి. విడిభాగాలు తెప్పించడం 3 నుంచి 5వ వారం దాకా, ప్రోగ్రామ్ రాయడం 3, 4 వారాల్లో. రెండూ అయ్యాకే 6, 7 వారాల్లో బిగింపు. 8వ వారం మిడ్ పరీక్షలు, ఆ గడి ఖాళీగా వదలాలి (చాలామంది మరిచిపోయేది ఇదే). 9 నుంచి టెస్టింగ్.

ఇప్పుడు చదవడం. అందం అంతా ఇక్కడే ఉంది. ప్రోగ్రామ్ గీత 4లో ఆగింది, బిగింపు 6లో మొదలైంది. మధ్యలో ఉన్న ఒక్క ఖాళీ గడే ప్రోగ్రామ్ రాసేవాడికి దొరికిన వెసులుబాటు. విడిభాగాల గీతకు ఆ ఖాళీ లేదు. పార్సిల్ వారం ఆలస్యమైతే బిగింపు 7, 9 వారాలకూ, టెస్టింగ్ 10కీ జరుగుతాయి. అంటే ఎవరిని తొందరపెట్టాలో, ఎవరిని వదిలేయాలో బొమ్మే చెప్పేస్తుంది. కాకపోతే, ప్రతి సోమవారం ఆ రోజు దగ్గర నిలువు గీత గీసి, అయినంత పనికి రంగు వేయాలి. పని గీతలో రంగు పడని భాగం ఆ నిలువు గీతకు వెనక మిగిలితే ఆ పని ఆలస్యమైనట్టే.