ముందు సామాను, తర్వాతే టైలు

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఇల్లు కడుతుంటే, పని తెలిసిన ప్లంబరు బాత్‌రూమ్ గోడ ముట్టుకోకముందే ఒక మాట అంటాడు: "డైవర్టరు తెచ్చి చేతికివ్వండి, అప్పుడు గాడి కొడతానండి." ఆ పట్టుదలలోనే అతని పనితనమంతా ఉంది. గోడలో దాగే ఆ ఇత్తడి బాడీకి, టైలు పైముఖం ఎక్కడికి రావాలో చెప్పే రెండు గుర్తులుంటాయి. అవి వెనకనుంచి 55, 75 మిల్లీమీటర్ల దగ్గర ఉన్నాయనుకోండి; అతను మధ్యలో 65కి గురిపెడతాడు. ఇటుక మీద ప్లాస్టరింగు 15, టైలు కింద మాలు 15, టైలు 10, మొత్తం 40. అంటే గాడి లోతు 25. లెక్కతో ఆగడు, టైలు ముక్క ఆనించి చూసుకుంటాడు. బాడీ మరీ లోపలికి పోతే హ్యాండిలు అందదు. బయటికొస్తే పైప్లేటు టైలుకి ఆనక సందు కనిపిస్తుంది. కమోడ్‌కీ ఇదే లెక్క. పూర్తయిన గోడనుంచి పైపు మధ్యకి 300 కావాలంటే, ఇటుకనుంచి 340 దగ్గర గుర్తు పెడతాడు. ఇటుకనుంచే 300 కొలిస్తే చివరికి మిగిలేది 260. ట్యాంకు గోడకి తగిలి, కమోడ్ పైపు మీదికి రాదు. కంపెనీ మారితే ఈ కొలతలూ మారతాయి. అందుకే టైల్స్ మేస్త్రీని పిలిచే ముందే సామాను కొని, కొలతల కాగితంతో సహా ప్లంబరుకి అప్పగించండి.