కవకిత చీటీలు, పూతలపట్టు పాలు

నేపాల్ కొండపల్లెల్లో తిరిగి రాసుకొచ్చిన నోట్సునంతా సర్దడానికి జపాన్ మానవశాస్త్రవేత్త జిరో కవకిత ఒక పద్ధతి పట్టారు. ఒక్కో సంగతిని ఒక్కో చీటీ మీద రాసి, అన్నిటినీ కళ్లముందు పరిచి, దగ్గరివాటిని దగ్గరికి చేర్చడం. 1967లో ఆయన పుస్తకంలో వచ్చిన ఈ పద్ధతికి ఆయన ఇంటిపేరు, పేరు మొదటి అక్షరాలతో కేజే అని పేరు పడింది. ఇవాళ యాప్‌లు చేసే కంపెనీల గోడల మీద కనిపించే రంగు చీటీలకు ఒక మూలం అదే. చీటీలు అందరూ అతికిస్తున్నారు. ఆయన పనితనం మాత్రం చాలాచోట్ల రాలేదు.

ఆ పనితనం ఎక్కడుందో చూడ్డానికి పూతలపట్టు పక్క పల్లె ఒకటి అనుకుందాం. డెయిరీకి పాలు పోసే ఎనిమిది మంది ఆడవాళ్లలో ఒక్కొక్కరితో గంటసేపు మాట్లాడి, ఆ మాటలన్నీ రాసిపెట్టారు. పూట పూటకీ లీటర్లు, ఫ్యాటు, రేటు చూపించే యాప్ తయారవుతోంది. ముందు ఏ స్క్రీన్ చెయ్యాలో టీమ్‌కు తెలియాలి.

చేయి తిరగనివాళ్లు ముందే నాలుగు డబ్బాలు పెట్టుకుంటారు: ఫ్యాటు, రేటు, బిల్లు, ఫోను. అవి మనం అడిగిన ప్రశ్నలే. వాటిలో సర్దితే మనం అడిగిందే మనకు తిరిగొస్తుంది. కవకిత పద్ధతిలో శీర్షిక చివర పుడుతుంది. ముందు చీటీలు, తర్వాత గుంపులు, ఆ తర్వాతే పేరు.

మూడు చీటీలు దగ్గరగా చూద్దాం. మూడో ఆమె: 'బిల్లు పడిన మెసేజీ మా పిల్లోడి ఫోనుకు పోతాది, వాడు బెంగుళూరులో ఉండాడు.' ఐదో ఆమె: 'స్లిప్పులన్నీ డబ్బాలో ఏసి పెడతా, మా ఆయన కూడి చెప్తాడు.' ఏడో ఆమె: 'ఫ్యాటు ఎందుకు తగ్గిందంటే, మిషన్ చూపించిందే అంటారు.' డబ్బాల లెక్కన మొదటిది ఫోనులోకి, రెండోది బిల్లులోకి, మూడోది ఫ్యాటులోకి పోతాయి. మాట వింటే మొదటి రెండూ ఒక్కటే: లెక్క ఇంకొకరి చేతిలో ఉంది. మూడోదాన్నీ అందులో కలిపేయాలనిపిస్తుంది. కలపకూడదు. ఏడో ఆమెకు అంకె కనిపిస్తూనే ఉంది, దాన్ని నిలదీసే దారే లేదు. ఈ తేడా పట్టుకునే చేతిని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

మొదటి రెండు చీటీల గుంపుకు 'ఫోను సమస్యలు' అని పేరు పెడితే అది అంశం మాత్రమే. 'పాలు పోసేది ఆమె, లెక్క తెలిసేది ఇంకొకరికి' అంటే ఒక మాట చెప్పినట్టు. దాన్ని కాదనవచ్చు కాబట్టి పరీక్షించవచ్చు. ఇలాంటి మాటలు ఇంటర్వ్యూల్లో దాగి ఉండి వాటంతట అవే బయటపడవనీ, పరిశోధకులు చేసేవేననీ బ్రౌన్, క్లార్క్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు నొక్కి చెబుతూ వచ్చారు. చేసేది మనమే గనుక, చేశాక ఎనిమిది ఇంటర్వ్యూలూ మళ్లీ మొదటినుంచి చదవాలి. ఈసారి వెతకాల్సింది ఆ మాటను తప్పుపట్టే మనిషిని. ఆరో ఆమె దొరుకుతుంది. పెద్దగా చదువుకోలేదు, భర్త లేడు, నోటు పుస్తకంలో తనే రాసుకుంటుంది, మెసేజీ తన ఫోనుకే వస్తుంది. ఆమెను పక్కన పెట్టేస్తే సారాంశం నునుపుగా వస్తుంది. ఆమెను ఉంచితే అసలు కారణం కనిపిస్తుంది: ఇక్కడ అడ్డం చదువు కంటే, డెయిరీలో చేరేటప్పుడు ఎవరి నంబరు రాయించారన్నదే.

లెక్కపెట్టడంలోనూ నిదానం కావాలి. ఒకే మనిషి ఫ్యాటు గురించి పదిసార్లు మాట్లాడినా అది ఒక్క గొంతే. 'మెసేజీ మీకు రాదు కదమ్మా?' అని అడిగితే 'అవునమ్మా' అన్న జవాబుకు చీటీ రాయకూడదు, అది మర్యాదకు అన్నమాట. అడక్కుండా చెప్పిన మాటకు బరువెక్కువ. ఎనిమిదిలో ఆరుగురు అన్నదాన్ని డెబ్బై అయిదు శాతం అని రాస్తే మండలమంతా కొలిచినట్టు వినిపిస్తుంది. ఆరుగురు అనే రాయాలి.

ఎక్కడా ఇమడని చీటీని కవకిత ఒంటరిగానే ఉంచేవారు. రెండో ఆమెది అలాంటిది: 'దాణా అప్పు పట్టుకున్నాక మిగిలిందే బిల్లు.' ఇంకెవరూ అనలేదు. బలవంతాన ఏ గుంపులోనూ దూర్చకుండా, వచ్చే విడతలో అడగాల్సిన ప్రశ్నగా రాసిపెట్టాలి.

ఇక టీమ్‌కు ఇచ్చే కాగితం. పైన ఆ ఒక్క వాక్యం. కింద ఇద్దరు వేర్వేరు మనుషుల మాటలు, వాళ్ల యాసలోనే, ఏ ఇంటర్వ్యూలో ఎన్నో వరుసో చూపించే గుర్తుతో. అనుమానం వచ్చినవాళ్లు వెంటనే వెనక్కెళ్లి చూసుకోగలగాలి. ఆ తర్వాత ఆరో ఆమె. ఏం విన్నామో ఒకచోట, ఏం చెయ్యొచ్చని మనకు తోచిందో గీత గీసి వేరేచోట. ముందు ఏ స్క్రీన్ అన్న ప్రశ్నకు ఇక్కడ దొరికే జవాబు స్క్రీన్ కంటే ముందుది: పాలు పోసే మనిషి నంబరు ఖాతాలో ఉందా? ఈ ఎనిమిది మంది మాటలు కారణాన్ని చూపించగలవు, ఎంతమందికి ఇలా ఉందో చెప్పలేవు. అది తేలాలంటే డెయిరీ దగ్గరున్న సభ్యుల జాబితాలోని నంబర్లకు ఫోన్ చేసి, ఎత్తింది ఎవరో చూడాలి.