బ్లాక్‌బోర్డు మీద ముందే పడిన మంచు

చదువుకోడానికి చలిదేశం వెళ్లిన విద్యార్థి, హాస్టల్ కిటికీలోంచి తొలి మంచు చూడటం. ఇది కథకు అందమైన ఘట్టమే, కానీ రాసేవాళ్లను తేలిగ్గా మోసం చేస్తుంది. మంచు తెల్లగా పడుతుంది, ఇల్లు గుర్తొస్తుంది, కథ అక్కడే ఆగిపోతుంది. ఆ ఘట్టాన్ని కథగా మలచడం ఎలాగో హూలియా ఆల్వరెజ్ ‘స్నో’లో చూడాలి. 1991లో వచ్చిన ‘హౌ ద గార్సియా గర్ల్స్ లాస్ట్ దెయిర్ యాక్సెంట్స్’ పుస్తకంలోని చాలా చిన్న కథ ఇది.

ఇందులో కిటికీ హాస్టల్‌ది కాదు, న్యూయార్క్‌లోని ఒక క్యాథలిక్ బడిది. డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చిన యోలాండాకు విడిగా ఇంగ్లిష్ నేర్పాలని సిస్టర్ జోయీ ఆమెను మిగతా పిల్లలకు దూరంగా, కిటికీ పక్కన కూర్చోబెడుతుంది. అమ్మాయి ఒంటరితనమూ, రేపు మంచు అందరికన్నా ముందు ఆమె కంట పడటానికి కారణమూ ఒక్క వాక్యంలోనే సమకూరాయి. నేర్చుకున్న కొత్త మాటల్లో లాండ్రోమాట్, కార్న్‌ఫ్లేక్స్, సబ్‌వేల తర్వాత స్నో కూడా ఉంటుంది. మనం పట్టించుకోకుండా దాటిపోతాం.

అది క్యూబా క్షిపణుల సంక్షోభ కాలం. బడిలో బాంబు దాడి డ్రిల్లులు. పిల్లలు హాల్లో నేలమీద పడుకుని, కోట్లు తలమీద కప్పుకుంటారు. సిస్టర్ బోర్డు మీద పుట్టగొడుగు బొమ్మ గీసి, చుట్టూ సుద్దముక్కతో చుక్కలు పెడుతుంది. అందరినీ చంపే అణుధూళి అదేనట.

కథ పనితనమంతా ఈ చుక్కల్లోనే ఉంది. ఒక చలికాలపు ఉదయం కిటికీ బయట యోలాండాకు మంచు కనబడదు, చుక్కలు కనబడతాయి. మొదట అక్కడొకటి ఇక్కడొకటి, తర్వాత లెక్కలేనన్ని. బాంబు అని అరుస్తుంది. ఆమె పొరపాటు తెలియనితనం వల్ల వచ్చింది కాదు, పాఠం బాగా ఒంటబట్టడం వల్ల వచ్చింది. నాకు మరీ నచ్చిన వివరం ఇంకొకటి: ఆ అరుపుకు క్లాసులో మరికొందరు అమ్మాయిలు కూడా ఏడుపు అందుకుంటారు. మంచు ఎరిగిన ఊరి పిల్లలు! ఆ ఒక్క వాక్యంతో భయం పరాయి పిల్లది మాత్రమే కాకుండా పోయింది, నవ్వులాటగా మారే ప్రమాదమూ తప్పింది.

ప్రతి మంచురేకూ మనిషిలాగే దేనికదే ప్రత్యేకమన్న ముగింపు నాకు కాస్త బాహాటంగా అనిపిస్తుంది. కానీ అది రచయిత్రి తీర్పు కాదు, సిస్టర్ చెప్పిన మరో పాఠం. అందుకే నిలబడింది.

హాస్టల్ కిటికీ కథ రాయబోయేవాళ్లకు నా మనవి ఒకటే. మంచు కురిపించే ముందు మీ పాత్ర కంటికి అంతకుముందు ఏది చూసి భయపడటం అలవాటైందో తేల్చుకోండి. దాన్ని ముందు పేరాల్లోనే, ఎవరి దృష్టీ పడని చోట పెట్టండి.